శుభలేఖ

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు

అరసవల్లిలో నెలకొన్న యర్కమూర్తి
వేయి కిరణాల చేతుల వెలుగు పంచి
హస్త తారలో చేపట్టు నాలుమగల
గంటిపాపగా కాపాడుగాక సతము.

కూర్మనాథుడు కొండంత కుదురు నొసగ
పైడితల్లి దీవెనలతో పసుపు నిలువ
నిండు నాగావళీ తీర నేల జంట
ఇల్లు పిల్లలు పాడితో నెదుగుగాక.

వేగవతి పొంగి సంగాన వేడ్క మీర
వచ్చి నాగావళిని జేరు వడువు దోప
ఇరువురిండ్లకు ముంగిలి యేకమయ్యె
బంధువులు మీరు రారండి పందిరికిని.

పూజ్యులు, బంధుమిత్రులు, శ్రేయోభిలాషులు అందరికీ సూర్యనారాయణ, సత్యవతి దంపతులు నమస్కరించి వ్రాయు శుభలేఖార్థములు.

శ్రీ సూర్యనారాయణ మూర్తి కటాక్షం వల్ల, కీర్తిశేషులైన మా తల్లిదండ్రుల పుణ్యఫలం వల్ల, మా పౌత్రి, మా కుమారుడు కూర్మారావు, కోడలు లక్ష్మి దంపతుల ప్రథమ పుత్రిక

చి.ల.సౌ. ఉషశ్రీ (ఎం.ఎస్సీ., బీఈడీ)

ని, విజయనగరం జిల్లా బొబ్బిలి వాస్తవ్యులు శ్రీ పైడిరాజు, శ్రీమతి అన్నపూర్ణ దంపతుల కనిష్ఠ పుత్రుడు

చి. వేణుగోపాల్ (బీటెక్)

కి ఇచ్చి వివాహం జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు.

స్వస్తిశ్రీ చాంద్రమాన పరాభవ నామ సంవత్సరం, ఉత్తరాయణం, వసంత ఋతువు, వైశాఖ శుద్ధ త్రయోదశి, బుధవారం, అనగా 29-04-2026 ఉదయం 9 గంటల 12 నిమిషాలకు, హస్తా నక్షత్రయుక్త మిథున లగ్న సుముహూర్తమున, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో మా స్వగృహం ముంగిట వేసిన పందిరిలో ఈ వివాహం జరుగును.

హస్తా నక్షత్రానికి అధిదేవత సవిత, అంటే సూర్యుడే. ఏటా మార్చిలోను, అక్టోబరులోను లేత కిరణాలు వచ్చి పాదాలు తాకే అరసవల్లి స్వామి నీడన పుట్టి పెరిగిన పిల్లకు ఈ నక్షత్రంలోనే ముహూర్తం కుదరడం ఆయన పిలిచి ఇచ్చిన వరమని మా ఇంటిల్లిపాది నమ్మకం. అందుకే మొదటి శుభలేఖను ఆయన పాదాల చెంత ఉంచాం. రెండోది శ్రీకూర్మంలో కూర్మనాథునికి, మూడోది విజయనగరం పైడితల్లి అమ్మవారికి సమర్పించి, నాలుగోది మీ చేతికి అందిస్తున్నాం.

వరుని ఊరి పక్కన పారే వేగవతి, మా ఊరి పక్కన పారే నాగావళి, సువర్ణముఖి తోడుగా సంగాం దగ్గర ఒక్కటవుతాయి. అక్కడి సంగమేశ్వరుని సాక్షిగా పెద్దలం మాట ఇచ్చిపుచ్చుకున్నాం. బొబ్బిలి వారు మాకు ఇప్పుడు వియ్యాలవారు అవుతున్నా, మా తాతల నాటి నుంచీ రాకపోకలు ఉన్న మర్యాదస్తులు. పెళ్ళిచూపుల నాడు కట్నకానుకల ఊసెత్తకుండా "పిల్ల చదువుకున్న చదువు మా ఇంట కూడా కొనసాగించుకోనివ్వండి" అని తమంతట తాము అన్నారు. ఆ మాట మా మనసులో ఎప్పటికీ ఉండిపోతుంది.

వధూవరుల మధుపర్కాలు పొందూరులో నేయించాం. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, ఆడవాళ్ళు చేత్తో వడికిన సన్న నూలు అది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. అంచుకు మాత్రం పసుపు రాసి ఉంచాం. పట్టుచీరలు ఎన్ని ఉన్నా తాళి కట్టే వేళ పిల్ల ఒంటిమీద మన జిల్లా నేత ఉండాలని మా ఇంటి ఆడవారి కోరిక.

ఏప్రిల్ 27 సోమవారం, ఏకాదశి నాడు ఉదయం అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేస్తాం. మేనత్తలు, మేనమామలు, పిన్నులు, పెద్దమ్మలు ఆ రోజుకే వచ్చి నలుగు పెట్టి, హారతి ఇచ్చి దీవించాలని మనవి. 28 సాయంత్రం వరుని వారికి ఎదురుసన్నాహం. ఆ రాత్రి విడిది ఇంట్లో అందరికీ భోజనాలు. 29 ఉదయం కన్యాదానం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. అటుపైన అరిటాకు భోజనం. పనసపొట్టు కూర, పులిహోర, మామిడికాయ పప్పు, ఎండవేళ కనుక చల్లని మజ్జిగ, ముంజలు సిద్ధం చేయిస్తున్నాం. తినకుండా ఎవరూ కదలరాదు. మే 1 శుక్రవారం, వైశాఖ పూర్ణిమ నాడు బొబ్బిలిలో వరుని ఇంట శ్రీ సత్యనారాయణ స్వామి వ్రతం. దానికి కూడా మీరు విచ్చేయాలని వియ్యాలవారి తరఫున మేమే కోరుతున్నాం.

పొట్టకూటికని విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై, దుబాయ్ వెళ్ళి స్థిరపడిన మన వాళ్ళు చాలామంది ఉన్నారు. అన్నదమ్ముల పిల్లలు ఒకరినొకరు గుర్తుపట్టలేని రోజులు వచ్చాయి. అది మాకు పెద్ద బాధ. సెలవు దొరకదన్న టెన్షన్ ఉంటుందని తెలుసు. అయినా ఇప్పటినుంచే అడిగి, పిల్లలను వెంటబెట్టుకుని రండి. వాళ్ళకు ఎవరు పెదనాన్నో, ఎవరు మావయ్యో పేరుపేరునా చూపించుకుందాం.

మన వాళ్ళలో ఏళ్ళ తరబడి మాట పట్టింపులు ఉన్నవారు కూడా ఉన్నారు. ఆస్తి తగాదా కావచ్చు, పిలవలేదన్న అలక కావచ్చు. పెద్దవాడిగా చేతులు జోడించి అడుగుతున్నాను, వాటిని గుమ్మం బయటే వదిలి లోపలికి రండి. మీరు వేసే అక్షింతలు లేకుండా ఆ పిల్ల తల నిండదు.

ప్రతి గడపకూ వచ్చి బొట్టు పెట్టి పిలవాలని మా కోడలి తపన. దూరాభారం వల్ల రాలేకపోయిన చోట ఈ శుభలేఖనే బొట్టుగా స్వీకరించి, పిలుపులో లోపం ఎంచవద్దని ప్రార్థన. చదివింపులు వద్దు. తప్పనిసరిగా ఏదైనా ఇవ్వాలనిపిస్తే మీ ఊరి గుడిలో పిల్లల పేరున ఒక అర్చన చేయించండి.

రైలులో వచ్చేవారు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. ఆ స్టేషన్ ఆమదాలవలసలోనే ఉంది. బస్సులో వచ్చేవారు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగితే అక్కడి నుంచి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. బొబ్బిలి, రాజాం వైపు నుంచి కార్లలో వచ్చేవారికి చిలకపాలెం జంక్షన్ మీదుగా దారి. ఒంటరిగా ప్రయాణం చేయలేని పెద్దవారు ఒక్క కబురు పెట్టండి. మా పిల్లలే కారు తెచ్చి మీ ఇంటి నుంచి తీసుకొచ్చి, మళ్ళీ దిగబెడతారు.

కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మా ఆతిథ్యం స్వీకరించి, మమ్ము ఆనందింపజేయ ప్రార్థన.

ఇట్లు
తమ రాక కోరే
సూర్యనారాయణ, సత్యవతి
కూర్మారావు, లక్ష్మి

మేనమామలు, మేనత్తలు, చిన్నాన్నలు, పిన్నులు
మరియు ఇంటి ఆడపడుచులు, అల్లుళ్ళు

ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా