సారు వదిలేసిన పాఠం

దసరా సెలవులకు మా అన్న కూతురు శ్రావణి మిర్యాలగూడ నుంచి వచ్చింది. పదో తరగతి. వాకిట్లో బత్తాయిలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"అత్తా, కడుపు ఎట్లొస్తది? సారు ఆ పాఠం మీరే చదువుకోండని పేజీలు తిప్పేసిండు."

ఏఎన్ఎంగా పనిచేస్తున్నా కదా, ఈ ప్రశ్న పెళ్లయినవాళ్లు కూడా అడిగారు నన్ను.

"గర్భసంచికి అటొకటి ఇటొకటి అండాశయాలు ఉంటాయి. నెలకోసారి వాటిలో ఒకదాన్నుంచి ఒక అండం బయటికొచ్చి, గర్భసంచికి దారితీసే అండనాళంలోకి చేరుతుంది." పేపరు అంచున పెన్నుతో చుక్క పెట్టా. "ఇంత కూడా ఉండదు."

"మరి మగవాళ్లది?"

"వృషణాల్లో శుక్రకణాలు తయారవుతాయి. ఆడ, మగ శారీరకంగా కలిసినప్పుడు పురుషాంగం యోనిలోకి వెళ్తుంది, వీర్యం అక్కడ పడుతుంది. అందులో కోట్ల శుక్రకణాలు. గర్భసంచి దాటి అండనాళం దాకా ఈదాలి, చాలామటుకు దారిలోనే పోతాయి. ఒక్కటి అండంలోకి దూరిందంటే అదే మీ పుస్తకంలోని ఫలదీకరణం."

శ్రావణి తల వంచుకుని బత్తాయి తొక్కను ముక్కలు చేస్తోంది. సిగ్గు పడనీ, వింటోంది కదా.

"తర్వాత?"

"ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగు. అట్లా పెరుగుతూ వారం లోపలో, అటూఇటుగానో గర్భసంచికి చేరి లోపలి మెత్తటి పొరకు అతుక్కుంటుంది. అప్పుడే కడుపు నిలిచినట్టు. అతుక్కునేది లేకపోతే ఆ పొర రాలిపోతుంది, అదే నెలసరి. కడుపొస్తే నెల తప్పేది అందుకే."

"బస్సులో అబ్బాయి లేచిన సీట్లో కూర్చుంటే వస్తదని మా క్లాసులో ఒకామె..."

"రాదు. ముద్దుతో రాదు, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా రాదు. కానీ మొదటిసారి కలిస్తే రాదంటారు చూడు, అది ఉత్త అబద్ధం. శుక్రకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. ఇంకోటి, నీకు పద్దెనిమిది నిండకముందు నిన్నెవరైనా ఆ రకంగా తాకితే తప్పు వాళ్లదే. వెంటనే నాకు చెప్పు, లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్."

"సరే. మరి ఆడపిల్లో మగపిల్లోడో ఎవరి వల్ల?"

"అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. శుక్రకణంలో ఎక్స్ ఉంటే అమ్మాయి, వై ఉంటే అబ్బాయి. నిర్ణయమయ్యేది అక్కడే."

తొక్క చింపడం ఆపేసింది.

"అయితే నానమ్మ ముగ్గురు ఆడపిల్లలని చిన్నమ్మను ఎందుకు తిడుతది?"

లోపల మా అమ్మ టీవీ సౌండ్ తగ్గించింది.

"పోయి నువ్వే అడుగు," అని బత్తాయి తొనల గిన్నె చేతికిచ్చా.