ఇద్దరు సమ్మయ్యలు

హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్. హాజరు పట్టీలో ఇద్దరు బి. సమ్మయ్యలు: బండి సమ్మయ్యది పరకాల దగ్గర ఊరు, బొజ్జ సమ్మయ్యది ములుగు దగ్గర. ఇద్దరూ 1980లో, మేడారం జాతర ఏడే పుట్టారు. ఆ ఏడు మొక్కు తీరిన ఇళ్లలో ఇంకో పేరు పెడతారా?

సార్ "సమ్మయ్యా" అంటే ఇద్దరూ లేచేవాళ్లు. తిట్లకు మాత్రం ఎవరూ లేచేవాళ్లు కాదు.

హాస్టల్‌కొచ్చే ఇన్‌లాండ్ లెటర్ మీద బి. సమ్మయ్య అని మాత్రమే ఉంటుంది. ముందు ఎవరి చేతిలో పడితే వాడు చింపుతాడు. అలా ఒకరి ఇంటి సంగతులు ఇంకొకరికి తెలిసిపోయాయి. "మీ బర్రె ఈనిందట్రా, దూడ మంచిగున్నదట," అని బొజ్జ సమ్మయ్య అన్నం తింటూ చెప్పేవాడు. "మీ అక్కకు సంబంధం కుదర్లేదట," అని వీడు గొంతు తగ్గించేవాడు.

క్వార్టర్లీ మార్కులు కాలేజీవాళ్లు ఇళ్లకు పోస్టులో పంపారు. లెక్కల్లో 75కు 71 వచ్చినవాడు బొజ్జ సమ్మయ్య, 19 వచ్చినవాడు బండి సమ్మయ్య. కార్డులు తారుమారయ్యాయి.

వారం తిరగకముందే ములుగు నుంచి బొజ్జ సమ్మయ్య తండ్రి దిగాడు. భుజం మీద తువ్వాల, ముఖం మిరపకాయలాగ ఎర్రగా ఉంది. "పత్తి మీద పురుగు పడి నేను సస్తుంటే, నువ్వు పందొమ్మిది తెస్తవా?" అని వరండాలోనే చెయ్యెత్తాడు.

"మామా, ఆగు! ఆ పందొమ్మిది నాయి," అని బండి సమ్మయ్య మధ్యలోకి దూరాడు.

పెద్దాయన చెయ్యి దించలేదు. "నీయా? మరి నీకెవరు చెప్పాలె?" అని వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. తర్వాత మూట విప్పి ఇద్దరికీ సమానంగా సకినాలు పెట్టి, సాయంత్రం బస్సు ఎక్కాడు.

అదే రోజుల్లో పరకాల నుంచి వంద రూపాయల మనియార్డర్ వచ్చింది: "71 తెచ్చినవు. చెప్పులు కొనుక్కో." డెబ్బై ఒకటి నావి కావని బండి సమ్మయ్య ఇంటికి రాశాడు. రాయడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ లోపల ముప్పై రూపాయలు మిర్చి బజ్జీలకు పోయాయి, ఇద్దరూ కలిసే తిన్నారు.

జవాబు, షరా మామూలే, బొజ్జ సమ్మయ్య చేతిలో పడింది. పైకి చదివాడు: "పైసలు ఆ పిలగానికియ్యి. లెక్కలు వాని దగ్గర నేర్చుకో. దాచకుండ రాసినవు, గది సాలు."

"డెబ్బై ఉన్నయి," అని బండి సమ్మయ్య జేబులోంచి తీశాడు.

"నీ తాన్నే ఉంచు, నీ చెప్పు తెగింది కద. త్రికోణమితి నోట్సు తియ్యి."

"ఇప్పుడా? బువ్వ తిన్నంక..."

"మా నాయిన మళ్ల వస్తడు బిడ్డా. ఈసారి ఇద్దర్ని కొడ్తడు."