ఆదివారం కంటి పరీక్షలకు రండి: తల్లిదండ్రుల సమావేశంలో హెడ్మాస్టారి మాటలు

అందరికీ నమస్కారం. పత్తి తీతలు జోరుగా నడుస్తున్నాయి. అయినా చేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని నేరుగా బడికి వచ్చారు. చాలామంది ఇంకా అన్నం తిని ఉండరు. కాబట్టి మార్కుల సంగతి ఇవాళ ఎత్తను. ప్రోగ్రెస్ కార్డులు క్లాసు టీచర్లు ఇచ్చారు, చూసి సంతకాలు పెట్టి పంపండి. నేను చెప్పేది ఒక్కటే విషయం. వచ్చే ఆదివారం మన బడిలో ఉచిత కంటి పరీక్షల శిబిరం పెడుతున్నాం. పొద్దున 7.30 నుంచి మధ్యాహ్నం 2 గంటల దాకా. గుంటూరు నుంచి కంటి డాక్టర్లు వస్తున్నారు.

ముందు నేను చేసిన తప్పొకటి చెప్పుకోవాలి. 2019లో నేను ఇంకో ఊళ్లో లెక్కల మాస్టారిని. ఏడో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. పొడుగరి కదా అని చివరి బెంచీలో కూర్చోబెట్టాం. బోర్డు మీద 8 రాస్తే వాడు నోట్సులో 3 రాసేవాడు, 6 రాస్తే 5 అని రాసేవాడు. లెక్క చేసే పద్ధతి సరిగ్గానే ఉండేది, జవాబు మాత్రం తప్పు. ధ్యాస లేదురా నీకు అని బెంచీ ఎక్కించి నిలబెట్టాను, ఒకసారి కాదు. ఆ అక్టోబరులో ప్రభుత్వం కంటివెలుగు మొదలుపెట్టింది. ముందుగా బడి పిల్లలకే పరీక్షలు చేశారు. వాడికి రెండు కళ్లకీ మూడున్నర పైన మైనస్ ఉంది. కళ్లజోడు వచ్చిన రోజు వాడు చివరి బెంచీలో కూర్చుని బోర్డు మూల వైపు చూసి ఏమన్నాడో తెలుసా? 'సార్, అక్కడ రోజూ తేదీ రాస్తారా?'

ఏడాదిన్నరగా వాడు నా క్లాసులో ఉన్నాడు. తేదీ, హాజరు సంఖ్య ఆ మూల రోజూ రాస్తూనే ఉన్నాం. అక్కడొకటి రాసి ఉంటుందని కూడా వాడికి తెలీదు. మరి కనపడట్లేదని ఎందుకు చెప్పలేదు? అందరికీ అంతే కనపడుతుందేమో అనుకున్నాడు. పుట్టినప్పట్నుంచీ మసకగా చూసేవాడికి అది మసక అని ఎలా తెలుస్తుంది?

అందుకే అమ్మలారా, మా పిల్లకి ఏ బాధా లేదు సార్, ఉంటే చెప్పదా అనకండి. చెప్పదు. మీరే గమనించాలి. టీవీకి మూరెడు దూరంలో కూర్చుంటోందా? పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతోందా? కళ్లు చికిలించి చూస్తోందా, ఊరికే తలనొప్పి అంటోందా? దూరం నుంచి మీరు పిలిస్తే మొహం చూసి కాకుండా గొంతు విని గుర్తుపడుతోందా? ఇవేవీ లేకపోయినా తీసుకురండి. ఎందుకంటే ఒక కన్ను బాగుండి, రెండోది బాగాలేని పిల్లలుంటారు. బాగున్న కన్నే పనంతా చేసేస్తుంది. రెండో కన్ను పంపే మసక బొమ్మని మెదడు మెల్లగా పట్టించుకోవడం మానేస్తుంది. చిన్నప్పుడే, ఏడెనిమిదేళ్ల లోపే కనిపెడితే దారికి తేవడం తేలిక. ఆలస్యమయ్యే కొద్దీ కష్టం. కాబట్టి ఇంట్లో అంగన్‌వాడీకి వెళ్లే చిన్నవాళ్లున్నా ఎత్తుకుని రండి. మెల్లకన్ను అదృష్టం అని మనవాళ్లు అంటుంటారు. అదృష్టం సంగతి నాకు తెలీదు గానీ, మెల్లకన్నున్న బిడ్డకి పరీక్ష ఇంకా తొందరగా కావాలి.

ఇప్పుడే ఒక చిన్న పని చేద్దాం. అందరూ మన గేటు మీదున్న బోర్డు వైపు తిరగండి. లైటు వేయించాను. కుడి కన్ను అరచేత్తో మూయండి. నొక్కకండి, ఊరికే కప్పండి. ఎడమ కంటితో బోర్డు మీద అక్షరాలు చూడండి. చదువు రానివాళ్లు బోర్డు పక్కన వేలాడే గంట చూడండి, దాని అంచు తేటగా కనపడుతోందా? సరే, ఇప్పుడు చెయ్యి మార్చండి. నవ్వేవాళ్లు నవ్వండి గానీ చెయ్యి తీయకండి. ఏ కంటికైనా తేడా తెలిసిందా? అదిగో, వెనక ఇద్దరు చేతులెత్తారు. ఇటు పక్కన పెద్దాయన మూసిన చెయ్యి తీసి మళ్లీ మూసి చూసుకుంటున్నారు. చూశారా, రెండు కళ్లూ తెరిచి తిరుగుతున్నంత కాలం ఇది బయటపడదు. మీ పేర్లు మొట్టమొదట రాసుకుంటాను.

ఇక పెద్దవాళ్ల సంగతి. మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది. ఓపిక లేదురా అనేది. కోడలి మీద పని వదిలేస్తోందని మా ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది. పాపం, ఆవిడకి రాళ్లు కనపడట్లేదు. కనపడట్లేదని చెబితే ఎక్కడ భారమైపోతానో అని దాచుకుంది. శుక్లాలు. గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తే మర్నాడు కట్టు విప్పారు. ఇంటికొచ్చాక అటక మీద బూజు చూసి మా ఇద్దరికీ పెట్టిన చివాట్లు మర్చిపోలేను.

శుక్లం అంటే కంట్లో కొత్తగా మొలిచే పొర కాదు. కంట్లో ఉండే సహజమైన లెన్సే వయసుతో మసకబారుతుంది, కిటికీ అద్దం మాసినట్టు. చుక్కల మందుతో కరగదు. మాసిన లెన్సు తీసి చిన్న కృత్రిమ లెన్సు పెడతారు. సాధారణంగా 15, 20 నిమిషాల పని, కంటి చుట్టూ మత్తు ఇస్తారు. ముదరనివ్వండి, ముదిరాక చేయిద్దాం అనేది పాతకాలం మాట. అప్పట్లో ఆపరేషన్ పద్ధతి వేరు. ఇప్పుడు మరీ ముదరబెడితేనే ఇబ్బంది. చలికాలంలోనే చేయించాలన్న నియమమూ లేదు.

భయం కూడా ఉంటుంది, తెలుసు. బడిలో కళ్లు కోస్తారట అని నిన్న రచ్చబండ దగ్గర ఎవరో అన్నారని నా చెవిన పడింది. ఆదివారం ఇక్కడ కత్తీ ఉండదు, సూదీ ఉండదు. చార్టు చదివిస్తారు, చదువు రానివాళ్లు ఇంగ్లీషు E అక్షరం ఎటు తిరిగి ఉందో చేత్తో చూపిస్తే చాలు. టార్చి వేసి చూస్తారు, కంట్లో ఒత్తిడి చూస్తారు. అవసరమైనవాళ్లకి కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. ఆ చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గర వస్తువులు మసగ్గా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది. బండి నడపకూడదు. తోడు ఒకర్ని తెచ్చుకోండి. ఆపరేషన్ అవసరమైతే ఇంకో రోజు బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి థియేటర్లోనే చేస్తారు. రానూపోనూ ఛార్జీ, భోజనం, మందులు వాళ్లవే. మీతో ఒక మనిషి రావచ్చు. ఇష్టం లేకపోతే లేదు, బలవంతం ఎవరూ చేయరు.

నలభై దాటినవాళ్లు ఒక్కమాట వినండి. నీటికాసులనే జబ్బుంది. చాలామందికి నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. పక్కల చూపు ముందు పోతుంది. గడప తగిలి పడతాం, పక్కనుంచి వచ్చే బండి కనపడదు. తిన్నగా చూసే చూపు బాగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. శుక్లం తీస్తే చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. మిగిలిందాన్ని మందులతో కాపాడుకోవడమే. ఇంట్లో తల్లికో తండ్రికో అన్నకో ఇది ఉంటే మీరు తప్పకుండా చూపించుకోవాలి. షుగరున్నవాళ్లూ అంతే, చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటి వెనక ఉండే రెటీనా పొర చూపించుకోవాలి.

కోపం తెచ్చుకోనంటే ఇంకో సంగతి. చేలో పని చేసేటప్పుడు వడ్ల గింజో పత్తి మోడో తగిలి కన్ను ఎర్రబడితే మనవాళ్లు ఏం చేస్తారు? ఆకు పసరు పిండుతారు, చంటిబిడ్డ తల్లి దగ్గర పాలు చుక్క వేయిస్తారు. లేదంటే మందుల షాపుకెళ్లి ఎర్రకన్నుకి చుక్కలియ్యి అని అడుగుతారు. ఆ చుక్కల్లో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన గంటకి హాయిగా ఉంటుంది, లోపల పుండు మాత్రం ముదిరిపోతుంది. నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడిన మనిషి మన ఊళ్లో మీకూ తెలుసు. నేను పేరు చెప్పను. ఎలా పడిందో అడగండి, ఆయనే చెబుతాడు.

కూలి పోతుందని ఆలోచించేవాళ్ల కోసం ముఠా మేస్త్రులతో మాట్లాడాను. తీతలకి వెళ్లేవాళ్లని 7.30కే మొదటి వరసలో పంపిస్తాం, 9 గంటలకల్లా చేలో ఉంటారు. అయితే చుక్కలు వేయాల్సి వచ్చినవాళ్లకి ఆ రోజు పని కుదరదు. అది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టొద్దు. ఎస్సీ కాలనీ, కట్ట మీద ఇళ్ల నుంచి నడవలేని పెద్దవాళ్ల కోసం రెండు ఆటోలు తిరుగుతాయి. డీజిలు ఖర్చు పూర్వ విద్యార్థులు పెట్టుకున్నారు.

ఆడపిల్లల తల్లులు కొందరు స్టాఫ్ రూముకొచ్చి మెల్లగా అడిగారు, అద్దాలు పెడితే రేపు సంబంధాలు వస్తాయా సార్ అని. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరికీ అద్దాలున్నాయి. పెద్దదాని పెళ్లి పోయిన వైశాఖంలో చేశాను. మీలో చాలామంది భోజనానికి వచ్చారు, పప్పులో ఉప్పెక్కువైందన్నారు గానీ అద్దాల మాట ఎవరూ ఎత్తలేదు. పెళ్లిచూపుల్లో అద్దాలు తీయించి, కనపడక కాఫీ కప్పు తడుముకునేలా చేయడం కంటే అద్దాలు పెట్టుకున్న మొహమే నయం.

తెచ్చుకోవాల్సినవి: ఆధార్ కార్డు, పాత కళ్లజోడు ఉంటే అది, బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు ఆ చీటీలు. పొద్దున మాత్రలు మానకండి, టిఫిను మానకండి, పరగడుపున రావాల్సిన పరీక్ష కాదిది. కళ్లజోడు నెంబరు పడినవాళ్లకి రెండు వారాల్లో జోళ్లు బడికే వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు.

వరండాలో తొమ్మిదో తరగతి పిల్లలు రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నారు. వెళ్లేటప్పుడు ఇంటి పేరు చెప్పి, ఇంట్లో ఎంతమంది వస్తారో రాయించండి. మీ పేరొక్కటే రాయిస్తే ఆ పిల్లలు ఊరుకోరు, ఇంట్లో ముసలాళ్లెవరు, చిన్నాళ్లెవరు అని అడుగుతారు, అడగమని నేనే చెప్పాను. గేటు బోర్డు చూసి చేతులెత్తిన ఇద్దరూ, పెద్దాయనా, ముందు మీరు రండి. మిగతావాళ్లు వాళ్ల వెనక వరసలో నిలబడండి. ఉంటాను, నమస్కారం.