క్యాప్షన్ పోస్ట్ చేసే ముందు: చెన్నై తెలుగు పేజీ టీమ్ చెక్‌లిస్ట్

రాసినవారు కాకుండా ఇంకొకరు చూసి టిక్ పెట్టాలి.

☐ పేర్లు, తేదీలు పుస్తకంతోనో ప్రభుత్వ పత్రంతోనో సరిచూశారా? వాట్సాప్ ఫార్వర్డ్ ఆధారం కాదు. మనవాళ్లు తరచూ కలిపేసేవి ఇవి: పొట్టి శ్రీరాములు మద్రాసులో కన్నుమూసింది 1952 డిసెంబర్ 15న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న. మద్రాస్ డే ఆగస్టు 22.

☐ ట్యాగ్ నొక్కి చూశారా? అసలు ఖాతానా, ఫ్యాన్ పేజీయా?

☐ ఫొటో తీసినవారి అనుమతి ఉందా? "గూగుల్‌లో దొరికింది" అంటే లేనట్టే.

☐ డబ్బు తీసుకున్నా, ఊరికే చీర ఇచ్చినా "ప్రకటన" అని మొదటి లైన్‌లోనే ఉందా? హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో దాస్తే కుదరదు.

☐ "నంబర్ వన్", "గ్యారంటీ": రుజువు లేకపోతే కొట్టేయండి.

ఒక్క గడి ఖాళీగా ఉన్నా షెడ్యూల్ చేయొద్దు.