ప్లాంట్ హెడ్ అయినందుకు అభినందనలు

సురేష్ గారూ, నమస్కారం.

మీ కోల్డ్ స్టోరేజ్‌లో మెయింటెనెన్స్ నుంచి ప్లాంట్ హెడ్ అయ్యారని మీ పోస్టులో చూశాను. మనస్ఫూర్తిగా అభినందనలు! కిందటి వేసవిలో చాంబర్ల నిండా మిర్చి బస్తాలున్నా ఒక్క కంప్రెసర్ కూడా ఆగకుండా చూసుకున్నారు. ఈ కుర్చీ మీకు దక్కాల్సిందే.

ఇకపై కరెంటు బిల్లు కూడా మీ లెక్కలోకే వస్తుంది. కండెన్సర్ ట్యూబుల మీద సున్నం పేరుకుంటే డిశ్చార్జ్ ప్రెషర్ పెరుగుతుంది, అదే చల్లదనానికి ఎక్కువ యూనిట్లు కాలతాయి. ఆ ట్యూబుల క్లీనింగ్, నీటి ట్రీట్‌మెంట్ మేం చేస్తాం.

సంక్రాంతి దాటాక, కొత్త సరుకు రాకముందు ఓ అరగంట ఇస్తే గుంటూరు వచ్చి లాగ్‌బుక్‌లో ప్రెషర్ రీడింగులు మీతో కలిసి చూస్తాను. తొందరేం లేదు, ముందు కొత్త బాధ్యతలు చక్కబెట్టుకోండి.

ఇట్లు,
కిరణ్, విజయవాడ