ఈసాప్ గ్రాంట్ లెటర్: అనుబంధం 1, వెస్టింగ్ షెడ్యూల్

బ్యాకెండ్ టీమ్‌లో సీనియర్ ఇంజినీరుగా మీకు 4,800 స్టాక్ ఆప్షన్లు ఇస్తున్నాం. గ్రాంట్ తేదీ 2025 జూన్ 2. ఒక్కో ఆప్షన్‌కు ఒక ఈక్విటీ షేరు, ఎక్సర్‌సైజ్ ధర, అంటే ఆప్షన్‌ను షేరుగా మార్చుకోవడానికి మీరు కట్టాల్సింది, షేరుకు ₹10. ఇవి నాలుగేళ్లలో వెస్ట్ అవుతాయి, అంటే షేర్లుగా మార్చుకునే హక్కు విడతలుగా మీ చేతికి వస్తుంది.

మొదటి ఏడాది క్లిఫ్. 2026 జూన్ 2 వరకు ఒక్క ఆప్షన్ కూడా వెస్ట్ కాదు. గ్రాంట్‌కూ వెస్టింగ్‌కూ మధ్య కనీసం ఏడాది ఉండాలన్నది కంపెనీల చట్టం కింద ఉన్న నిబంధన, దాన్ని మేం తగ్గించలేం. ఆ రోజున ఒకేసారి 1,200 వెస్ట్ అవుతాయి. అక్కడి నుంచి మూడు నెలలకోసారి 300 చొప్పున:

2026: సెప్టెంబర్ 2, డిసెంబర్ 2 (మొత్తం 1,800)
2027: మార్చి 2, జూన్ 2, సెప్టెంబర్ 2, డిసెంబర్ 2 (మొత్తం 3,000)
2028: మార్చి 2, జూన్ 2, సెప్టెంబర్ 2, డిసెంబర్ 2 (మొత్తం 4,200)
2029: మార్చి 2, జూన్ 2 (మొత్తం 4,800)

ఉద్యోగం మానేస్తే లెక్కలోకి వచ్చేది రాజీనామా మెయిల్ పెట్టిన రోజు కాదు, మీ చివరి పనిదినం. అది 2026 జూన్ 1 అయితే మీకు వచ్చేది సున్నా. మర్నాడైతే 1,200. ఒక్క రోజు తేడా ఇంత ఉంటుంది కాబట్టి నోటీసు ఇచ్చే ముందు ఈ తేదీలు ఒకసారి చూసుకోండి. అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు మొహమాటం లేకుండా చెప్తారు, అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. వెస్ట్ కానివి చివరి పనిదినం నాడే రద్దవుతాయి. వెస్ట్ అయినవాటిని చివరి పనిదినం నుంచి 90 రోజుల్లోపు డబ్బు కట్టి షేర్లుగా మార్చుకోవాలి. గడువు దాటితే అవీ పోతాయి.

ప్రసూతి సెలవు, జబ్బు సెలవు వల్ల తేదీలు మారవు. జీతం లేని సెలవు 60 రోజులు దాటితే మాత్రం, దాటినన్ని రోజులు మిగిలిన తేదీలు ఆలస్యమవుతాయి.

ఉద్యోగంలో ఉండగా మరణిస్తే, లేదా శాశ్వతంగా పనిచేయలేని స్థితి వస్తే, అప్పటికి మిగిలిన ఆప్షన్లన్నీ అదే రోజు వెస్ట్ అవుతాయి. మరణం విషయంలో అవి నామినీకి లేదా వారసులకు చెందుతాయి. నామినీ పేరు ఇప్పుడే రాయించండి, ఇంట్లోవాళ్లకు తర్వాత తిరుగుడు తప్పుతుంది.

వెస్ట్ అయినంత మాత్రాన షేర్లు వచ్చినట్టు కాదు. ఎక్సర్‌సైజ్ చేసి షేర్లు జారీ అయ్యేదాకా డివిడెండ్, ఓటు హక్కు ఉండవు. ఆప్షన్లను అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. పన్ను సంగతి ముందే తెలుసుకోండి: ఎక్సర్‌సైజ్ రోజున షేరు విలువ ₹400 ఉందనుకుంటే, షేరుకు ₹390 తేడా చొప్పున 1,200 షేర్ల మీద ₹4,68,000 మీ జీతంలో కలిపి పన్ను లెక్కేస్తారు, షేర్లు ఇంకా అమ్మకపోయినా సరే. ఆ డబ్బు సర్దుబాటు చూసుకున్నాకే ఎక్సర్‌సైజ్ చేయండి.

2025 జూన్ 16లోపు అంగీకార పత్రంపై సంతకం చేసి, నామినేషన్ ఫారంతో కలిపి హెచ్‌ఆర్‌కు ఇవ్వండి.