లేపాక్షికి వచ్చే కన్నడ యాత్రికులకు జేబు కార్డు

గీతకు ముందున్నది మీ కన్నడం, తెలుగు అక్షరాల్లో. తర్వాతది మీరు పలకాల్సిన తెలుగు. లిపులు అక్కాచెల్లెళ్లే కాబట్టి కూడబలుక్కుంటే చదవగలరు. నోరు తిరగకపోతే ఆ వరుస మీద వేలు పెట్టి చూపించండి, ఎదుటివారు చదువుకుంటారు.

మొదట ఇది
మీ "నీవు" మర్యాద మాట. తెలుగులో "నీవు", "నువ్వు" చనువున్నవాళ్లకే. కొత్తవారితో, చిన్నవయసు వారితోనైనా, "మీరు" అనండి. క్రియకు చివర "-ండి" తగిలించండి: ఇవ్వు కాదు, ఇవ్వండి. మిగతా మాటలకు "అండి": ఎంతండి, ఎక్కడండి. ఆటో అతన్ని "అన్నా", పెద్దావిడను "అమ్మా" అంటే చాలు.

దారిలో
బస్ స్టాండ్ ఎల్లిదె? – బస్టాండు ఎక్కడండి?
హిందూపురక్కె బర్తీరా? – హిందూపురం వస్తారా అన్నా?
ఎష్టు? – ఎంతండి?
స్వల్ప కడిమె మాడి – కొంచెం తగ్గించండి
ఇల్లి నిల్లిసి – ఇక్కడ ఆపండి
ఎడక్కె, బలక్కె – ఎడమకు, కుడికి
("కుడికి" అన్నారంటే తాగమని కాదు, బలక్కె తిరగమని!)

గుడిలో
ఫోటో తెగీబహుదా? – ఫొటో తీసుకోవచ్చా అండి?
చప్పలి ఎల్లి బిడబేకు? – చెప్పులు ఎక్కడ విడవాలండి?

తిండి దగ్గర
నీరు కొడి – నీళ్లు ఇవ్వండి
ఖార కడిమె ఇర్లి – కారం తక్కువ వేయండి
ఇన్నూ స్వల్ప అన్న హాకి – ఇంకొంచెం అన్నం వేయండి
బేడ – వద్దండి
సాకు – చాలండి
రాగి ముద్దె – రాగి సంగటి

ఎక్కువగా తడబడేది ఇక్కడే, మాటలు ఒకటే, అర్థాలు వేరు. "ఊట" అంటే మాకు నేలలోంచి ఊరే నీరు, కాబట్టి "భోజనం ఉందా అండి?" అని అడగండి. "సాకు" అంటే తప్పించుకోవడానికి చెప్పే కారణం. "అన్న" అంటే అణ్ణ. మెతుకులు కావాలంటే చివర సున్న పలకాలి, అన్నం. పొద్దుటి "తిండి"కి ఇక్కడి మాట టిఫిన్. పాలు, హాలు మాత్రం ఒకటే. మీ "హ" ఉన్నచోట చాలాసార్లు మాకు "ప" ఉంటుంది: హత్తు–పది, హులి–పులి.

డబ్బు లెక్క
10 హత్తు – పది
20 ఇప్పత్తు – ఇరవై
30 మూవత్తు – ముప్పై
50 ఐవత్తు – యాభై
100 నూరు – వంద (నూరు అన్నా తెలుస్తుంది)
"యాభై" చెవికి కొత్తగా ఉంటుంది. అనుమానం వస్తే "వేళ్లతో చూపించండి" అనండి.

అర్థం కాకపోతే
ననగె తెలుగు బరల్ల – నాకు తెలుగు రాదండి
నిధానవాగి హేళి – నెమ్మదిగా చెప్పండి

ఆపదలో
హుషారిల్ల – ఒంట్లో బాగాలేదండి
ఆస్పత్రె ఎల్లిదె? – ఆస్పత్రి ఎక్కడండి?
సహాయ మాడి – సాయం చేయండి
అంబులెన్సు 108, పోలీసు 112